తొలి జీతం, 8 లక్షల గీత

జనక్‌పురిలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడి చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల పిల్లలు డిగ్రీ చివరి ఏడాదికి రాగానే నన్నడిగే ప్రశ్న ఒకటే. "సార్, మాస్టర్స్‌కి ఇప్పుడే బయటి దేశం వెళ్లాలా, రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లాలా?" కన్సల్టెన్సీలవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: రెండేళ్లు పని చేస్తే అనుభవం వస్తుంది, నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. తాతల నాటి ఆస్తి ఉన్న ఇంటికి ఆ సలహా బాగానే ఉంటుంది. స్కాలర్‌షిప్ తప్ప వేరే దారి లేని దళిత విద్యార్థికి మాత్రం ముందు చూడాల్సింది అనుభవం కాదు, ఆదాయ ధ్రువపత్రం.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌నే తీసుకుందాం. వయసు 35 దాటకూడదు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులుండాలి, క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 500లోపు విశ్వవిద్యాలయంలో సీటు రావాలి. వీటితోపాటు అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో కుటుంబ ఆదాయం, అన్ని మార్గాల నుంచీ కలిపి, 8 లక్షలు దాటకూడదు. దరఖాస్తు పెట్టే బిడ్డ జీతం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. చిక్కంతా ఇక్కడే.

ఉదాహరణకు ఒక ఇంటి లెక్క వేసి చూద్దాం. తండ్రి డ్రైవర్, నెలకు 28,000. తల్లి వంట పని చేసి 10,000 తెస్తుంది. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 4 లక్షల 56 వేలు. కూతురు డిగ్రీ అయ్యాక జులైలో 35,000 జీతానికి చేరింది. మార్చి దాకా తొమ్మిది నెలలకు ఆమెది 3 లక్షల 15 వేలు, ఇంటి మొత్తం 7 లక్షల 71 వేలు. గీత దాటలేదు. రెండో ఏడాది పన్నెండు నెలల జీతం పడుతుంది కాబట్టి మొత్తం 8 లక్షల 76 వేలవుతుంది. ఆమె అర్హత పోయింది. జీతం పెరగకపోయినా పోయింది.

పోనీ, ఆ రెండేళ్లలో ఎంత దాచింది? ఇంటికి పంపి, గది అద్దె కట్టి నెలకు 7,000 మిగిల్చిందనుకున్నా లక్షా 68 వేలు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కి ట్యూషన్ ఫీజే 20 లక్షలు దాటడం మామూలు. అంత ఫీజుకు ఈ డబ్బు ఏ మూలకు?

అయినా ఉద్యోగం వద్దని నేననను. చివరి సెమిస్టర్ ఫలితాలు రానిదే షరతులు లేని ప్రవేశ పత్రం చాలాచోట్ల ఇవ్వరు, ఆ పత్రం లేకుండా ఈ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు నిలబడదు. కాబట్టి ‘వెంటనే’ అన్నా మన పిల్లలకు ఏడాది ఆగక తప్పదు. ఆ ఏడాది పని చేయండి. రెండో ఏడాదిలో అడుగుపెట్టేముందు మాత్రం పైన చేసిన కూడిక మీ ఇంటి అంకెలతో చేసుకోండి.

ఎంపికైనా డబ్బు వస్తుందన్న నమ్మకం లేదు. 2025లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు ఇచ్చి, మిగిలినవారికి నిధులుంటే ఇస్తామన్నారు. అందుకే లేఖ చేతికి వచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయొద్దని చెబుతాను.

అప్పుడు రెండో దారి అక్కరకొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి, అంటే దాదాపు రెండేళ్లు. పార్ట్‌టైమ్ పని, స్వచ్ఛంద సేవ కూడా లెక్కకు వస్తాయి. బస్తీ లైబ్రరీలో పిల్లలకు చదువు చెప్పిన గంటలు ఎన్నో, ఎవరి దగ్గరో ఇప్పటినుంచే రాసి పెట్టుకోండి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కైతే మూడేళ్ల ఉద్యోగం కావాలి.

బాబాసాహెబ్ ఈ రెండు దారుల్లోనూ నడిచారు. 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో కొలంబియాకు వెళ్లారు, తిరిగొచ్చాక పదేళ్లు బరోడా కొలువు చేస్తానని ఒప్పంద పత్రం రాసిచ్చి. ఆ స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి వచ్చేశారు. తర్వాత 1918 నుంచి 1920 దాకా సిడెన్‌హామ్ కాలేజీలో నెలకు 450 రూపాయల జీతానికి పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. అదీ చాలక షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు తోడైతేనే మళ్లీ లండన్ ఓడెక్కగలిగారు. ఆ జీతమే అనర్హత అని ఆయనతో ఎవరూ అనలేదు.

సామాజిక న్యాయ శాఖను నేనడిగేది ఒక్కటే. దరఖాస్తుదారుడి మొదటి మూడేళ్ల జీతాన్ని కుటుంబ ఆదాయం లెక్క నుంచి తీసేయాలి. తల్లిదండ్రుల ఆదాయం ఎలాగూ తెలుస్తూనే ఉంది, పేదరికం కొలవడానికి అది చాలు.