ఎదిగే ఎర్ర మచ్చ: వేచి చూడటం ఎప్పుడు తప్పు?

పసిబిడ్డ ఒంటిమీద ఎర్రటి మచ్చ లేచి రోజురోజుకీ ఉబ్బుతుంటే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి పెద్దవాళ్లది: గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చి ఉంటుంది, అందుకే వచ్చింది అని. రెండోది ఆస్పత్రి నుంచి వచ్చేది: కంగారు పడకండి, ఏడాది దాటాక అదే తగ్గుతుంది అని. మొదటి మాటలో నిజం లేదు. రెండో మాటలో చాలావరకు నిజముంది. చిక్కంతా ఆ మిగిలిన కొద్దిపాటి దగ్గరే. పదిమంది పిల్లల విషయంలో సరైన సలహా, పదకొండో బిడ్డ చూపును దెబ్బతీయగలదు.

స్ట్రాబెర్రీ మచ్చ అని పిలిచే ఈ గడ్డను వైద్యులు శిశు హెమాంజియోమా అంటారు. రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలు అదుపు తప్పి పెరిగి, చిన్న చిన్న నాళాల ముద్దగా తయారవుతాయి. ఇది క్యాన్సర్ కాదు, అంటుకునేదీ కాదు. నూటికి నలుగురైదుగురు శిశువుల్లో కనిపిస్తుంది. ఆడపిల్లల్లో, నెలలు నిండకుండా పుట్టినవారిలో, తక్కువ బరువుతో పుట్టినవారిలో ఎక్కువ. పుట్టిన రోజున సాధారణంగా ఏమీ ఉండదు. ఉన్నా పాలిపోయిన చిన్న మరకగానో, సన్నటి ఎర్రగీతలుగానో ఉంటుంది. పుట్టుకతోనే పూర్తిగా ఉండి, చదునుగా, బిడ్డతోపాటే నెమ్మదిగా సాగే ఎర్రమచ్చ వేరే జాతిది. అది తనంతట తాను పోదు. పుట్టేసరికే పూర్తి గడ్డగా ఉన్నదాన్నీ ఈ లెక్కలో వేయకూడదు. దానికి విడిగా పరీక్షలు కావాలి.

అసలు విషయం కాలంలో ఉంది. ఈ గడ్డ ఏడాది పొడవునా ఒకే తీరున పెరగదు. పుట్టాక ఐదు నుంచి ఏడు వారాల మధ్య దాని ఊపు అన్నిటికంటే ఎక్కువ. మూడు నెలలు వచ్చేసరికి, చివరికి అది ఎంత సైజుకు చేరుతుందో అందులో దాదాపు 80 శాతం వచ్చేసి ఉంటుంది. ఐదో నెలకు చాలా గడ్డల్లో పెరుగుదల ఆగిపోతుంది. చర్మం లోతున నీలంగా కనిపించేవి మాత్రం ఇంకొన్ని నెలలు సాగుతాయి. ఏడాది దాటాక రంగు మందగించి మెత్తబడటం మొదలవుతుంది, నాలుగేళ్లకు చాలావరకు కుంచించుకుపోతుంది. అంటే "ఏడాదికి చూద్దాం" అన్నప్పుడు మనం ఎదురుచూసేది తగ్గే కాలం కోసం. జరగాల్సిన నష్టం అప్పటికి ఎన్నో నెలల ముందే జరిగిపోయి ఉంటుంది.

వేచి చూడమన్న సలహా అజ్ఞానంతో పుట్టింది కాదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ మచ్చలను కోసేవారు, కాల్చేవారు, రేడియం పెట్టేవారు. మచ్చకంటే వైద్యం మిగిల్చిన గాయమే పెద్దదయ్యేది. 1938లో లిస్టర్ అనే బ్రిటిష్ వైద్యుడు తాను ఏళ్లపాటు గమనించిన పిల్లల వివరాలను లాన్సెట్ పత్రికలో ప్రచురించి, వీటిని ముట్టుకోకపోతే వాటంతటవే అణుగుతాయని చూపించాడు. ఎందరో పిల్లలు ఆ మాటవల్ల బతికిపోయారు. తర్వాత వచ్చిన మందు స్టెరాయిడ్. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బేది, ఎదుగుదల మందగించేది, రక్తపోటు పెరిగేది. ప్రాణాపాయమో, కన్ను పోయే ప్రమాదమో ఉంటే తప్ప వైద్యులు దాని జోలికి వెళ్లేవారు కాదు. మందు అంత బరువైనదైనప్పుడు వేచి చూడటమే న్యాయం.

ఆ తూకం 2008లో మారిపోయింది. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో ముక్కుమీద పెద్ద హెమాంజియోమా ఉన్న బిడ్డకు స్టెరాయిడ్ ఇస్తుండగా గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. అది 1960ల నుంచి పెద్దవాళ్ల గుండెజబ్బులకు వాడుతున్న పాత మందు. మర్నాటికే ఎర్రగా మండుతున్న గడ్డ ఊదారంగుకు దిగి మెత్తబడింది. క్రిస్టీన్ లెయోతె-లాబ్రేజ్, ఆమె సహచరులు మరికొందరు పిల్లల్లోనూ ఇదే చూసి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు చిన్న లేఖ రాశారు. 2015లో అదే పత్రికలో 460 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితం వచ్చింది. కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు మందు తీసుకున్న పిల్లల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో ఆ సంఖ్య 4 శాతం. 2019లో అమెరికా శిశువైద్యుల అకాడమీ మార్గదర్శకాలు ప్రకటిస్తూ, ప్రమాదం ఉందనిపించే బిడ్డను నెల వయసుకల్లా నిపుణులకు చూపించాలని చెప్పింది. ఇంత జరిగాక కూడా అందరికీ ఒకే పాత సలహా ఇవ్వడం సమర్థించదగినది కాదు.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందో చూడటానికి కనురెప్ప మీది మచ్చను తీసుకుందాం. ఒక పాపకు రెండో వారంలో పైరెప్ప మీద దోమ కుట్టినట్టు చిన్న ఎరుపు కనిపిస్తుంది. దోమే కుట్టిందనుకుంటారు. నాలుగో వారానికి అది పూసంత అవుతుంది. ఆరో వారానికి చింతగింజంత ఉబ్బి, నిద్రలేచినప్పుడు ఆ కన్ను రెండో కన్నంత విచ్చుకోదు. పాపకు నొప్పి లేదు, పాలు బాగానే తాగుతోంది, బరువు 4 కిలోలకు చేరింది. చూసేవాళ్లకు ఇది అందానికి సంబంధించిన సమస్యగానే తోస్తుంది. లోపల జరిగేది వేరు. గడ్డ బరువుకు కంటిగుడ్డు ముందున్న పారదర్శక పొర ఒక పక్కకు నొక్కుకుపోయి బొమ్మ చెదురుతుంది. రెప్ప కిందికి దిగి కంటిపాపకు అడ్డుపడితే వెలుగే లోపలికి పోదు. పసితనంలో మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఒక కన్ను నుంచి సరైన బొమ్మ అందకపోతే రెండో కన్నునే నమ్ముకుని, దీన్ని పక్కన పెట్టేస్తుంది. నాలుగేళ్లకు గడ్డ కరిగినా, మందగించిన ఆ చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఇలాంటి పాపకు ఆరో వారమే మందు మొదలుపెట్టాల్సిన సమయం. ముందుగా గుండెచప్పుడు వింటారు, నాడి, రక్తపోటు చూస్తారు, పిల్లికూతలు వస్తున్నాయేమో, ఇంట్లో గుండెజబ్బుల చరిత్ర ఉందేమో అడుగుతారు. కంటివైద్యులు రెండు కళ్లనూ పరీక్షిస్తారు. సాధారణంగా కిలోకు రోజుకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ఈ పాపకు అది 4 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా 2 చొప్పున. తట్టుకుంటే కిలోకు 2 లేదా 3కు పెంచుతారు. తొలి మోతాదు ఇచ్చాక, పెంచిన ప్రతిసారీ, రెండు గంటలపాటు నాడి, రక్తపోటు గమనిస్తారు. నెలలు నిండకుండా పుట్టినవారిని, ఐదు వారాలకంటే చిన్నవారిని ఆస్పత్రిలో ఉంచి మొదలుపెట్టడం మేలు. బిడ్డ బరువు పెరిగేకొద్దీ మోతాదునూ సరిచేయాలి. లేకపోతే నాలుగో నెలలో గడ్డ మళ్లీ ఊపందుకుంటే మందు పనిచేయలేదని పొరబడతారు.

జాగ్రత్తలు కచ్చితంగా పాటించాల్సినవి. ప్రొప్రనొలాల్ ఖరీదైన మందు కాదు, కానీ మాత్రలు పెద్దవాళ్ల కోసం చేసినవి. 10 మిల్లీగ్రాముల మాత్రను విరిచి 2 మిల్లీగ్రాములు ఇవ్వడం కుదిరే పని కాదు. ద్రవరూపంలో ఇచ్చినప్పుడు మిల్లీగ్రాములకూ మిల్లీలీటర్లకూ మధ్య గందరగోళం జరిగితే మోతాదు ఎన్నో రెట్లు మారిపోతుంది. ఎన్ని మిల్లీలీటర్లో చీటీలో రాయించుకుని, సిరంజి మీద ఆ గీత దగ్గరే గుర్తు పెట్టించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఖాళీ కడుపున ఇవ్వకూడదు. ఈ మందు రక్తంలో చక్కెర పడిపోయేలా చేయగలదు, పైగా పడిపోయినప్పుడు రావాల్సిన వణుకును, గుండెదడను కప్పేస్తుంది. పాలు తాగాకే ఇవ్వాలి. వాంతులు, విరేచనాలు, పాలు మానేయడం, ఆయాసం, పిల్లికూతలు ఉన్న రోజున ఆపి వైద్యుడికి ఫోన్ చేయాలి. చెమటలు పట్టి బిడ్డ తేలిపోతుంటే ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. కాళ్లు చేతులు చల్లబడటం, నిద్ర చెదరడం మాత్రం తరచూ కనిపించేవే. మందు కనీసం ఆరు నెలలు, ఎక్కువమందిలో ఏడాది వయసు వచ్చేదాకా సాగుతుంది. ఆపాక కొందరిలో మళ్లీ కొంత ఉబ్బుతుంది, అప్పుడు తిరిగి మొదలుపెడతారు.

కన్ను ఒక్కటే కాదు. ముక్కు కొన, పెదవి మీది గడ్డలు, ముఖం మీద 2 సెంటీమీటర్లు దాటినవి శాశ్వతంగా ఆకారం చెడగొట్టగలవు. సాగిపోయిన చర్మాన్ని ఏ మందూ వెనక్కి లాగలేదు. గడ్డం, దవడ చుట్టూ పరచుకున్న మచ్చతోపాటు ఊపిరి పీల్చేటప్పుడు గరగర వినిపిస్తే గొంతులోనూ గడ్డ ఉండవచ్చు, అది అత్యవసరం. ముఖంలో ఒక భాగాన్నంతా ఆక్రమించిన 5 సెంటీమీటర్లకు మించిన మచ్చ ఉంటే ఫేస్ సిండ్రోమ్ అనే స్థితి ఉందేమోనని మెదడు రక్తనాళాలకు, గుండెకు, కంటికి పరీక్షలు చేయించాకే మందు ఆలోచించాలి. ఒంటిమీద ఐదు లేక అంతకు మించి మచ్చలుంటే కాలేయానికి అల్ట్రాసౌండ్ తీయాలి. పెదవి, మెడ మడత, లంగోటీ కట్టే చోట ఉన్నవి పుండ్లు పడతాయి. మూడు నెలల లోపే ఎర్రటి పైపొర బూడిదరంగు తెలుపుకు తిరిగితే అది పుండుకు ముందు సూచన.

వీపు మీదో, తొడ మీదో చిన్నగా ఉన్న మచ్చకు ఇవేవీ అక్కర్లేదు. అక్కడ వేచి చూడటమే నేటికీ సరైన వైద్యం. చిన్నగా, పలచగా ఉండి తల్లిదండ్రులకు ఇబ్బందిగా ఉన్నవాటికి గ్లకోమాకు వాడే టిమొలాల్ చుక్కల మందును వైద్యుల సలహాపై మచ్చమీద రాయిస్తారు. లోతైన గడ్డలకు, పుండు పడినవాటికి అది పనికిరాదు.

మన దగ్గర ఒక మంచి సదుపాయం చేతిలోనే ఉంది, దాన్ని ఈ పనికి వాడుకోవడం లేదు. ఆస్పత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలన్నది జాతీయ నియమం. టీకాలు 6, 10, 14 వారాలకు. ఈ గడ్డ విజృంభించే రోజులు కూడా సరిగ్గా ఇవే. బిడ్డను చూసేవాళ్లు ఉన్నారు, చూడాల్సిన రోజులూ కుదిరాయి. కావాల్సింది ముఖం మీదో, లంగోటీ చోటో పెరిగే ఎర్రమచ్చ ఉంటే ఆ వారమే జిల్లా ఆస్పత్రి పిల్లల వైద్యుడికి పంపాలన్న ఒక్క ఆదేశం. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు ఆ ఆదేశం ఇవ్వడానికి కొత్త పరికరం గానీ, పెద్ద ఖర్చు గానీ అక్కర్లేదు.

ఇంట్లో ఎర్రమచ్చ ఉన్న పసిబిడ్డ ఉంటే వారానికోసారి ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఆరు వారాల టీకాకు వెళ్లిన రోజున బట్టలు విప్పి మచ్చనూ, ఆ ఫొటోలనూ వైద్యుడికి చూపించి, ఇది వేచి చూడదగిన చోటేనా అని అడగండి.