సబ్మిట్ కొట్టాక తప్పు కనిపిస్తే...

తెనాలిలో ఓ రిటైర్డ్ టీచరమ్మ. వయసు అరవై ఒకటి. డాలస్‌లో ఉన్న కూతురికి నెలలు నిండుతున్నాయి. పురుటికి తల్లి దగ్గరుండాలి. అమెరికా విజిటర్ వీసాకి ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఫారం పేరు DS-160. వీధి చివర నెట్ సెంటర్ కుర్రాడు దాన్ని ముప్పావు గంటలో నింపేసి, ఒకే ఒక్క కాగితం చేతిలో పెట్టాడు. 'అయిపోయింది మేడమ్, ఇంటర్వ్యూకి ఇది పట్టుకెళ్తే చాలు' అన్నాడు.

ఆ రాత్రి అల్లుడు ఫోన్ చేశాడు.

'అత్తయ్యా, 2014లో మీకు వీసా రాలేదు కదా... ఆ సంగతి రాయించారా?'

'అన్నీ ఆ అబ్బాయే నింపాడు బాబూ. నన్నేమీ అడగలేదు.'

'కాగితంలో చూడండి.'

చూస్తే ఏముంది? ఫొటో, బార్‌కోడ్, AAతో మొదలయ్యే ఓ పొడుగాటి నంబరు, పేరు దగ్గర FNU అనే మూడు అక్షరాలు. 'ఈ ఎఫ్ఎన్‌యూ ఎవరు బాబూ?' అని కంగారుపడిందావిడ. నిజానికి కుర్రాడు సరిగ్గా చేసిన పని అదొక్కటే! ఆవిడ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా రెండో గడిలోనే ఉంది. మన దగ్గర చాలామంది పాస్‌పోర్టులు ఇలాగే ఉంటాయి. అలాంటప్పుడు ఉన్న పేరంతా ఫారంలో సర్‌నేమ్ గడిలో రాసి, రెండో గడిలో FNU అని పెట్టాలి. 'మొదటి పేరు తెలియదు' అని దానర్థం. పాస్‌పోర్టులో లేని ఇంటిపేరును రేషన్ కార్డు చూసి చేరిస్తేనే తంటా.

అసలు సంగతి వేరు. చేతిలో ఉన్నది కన్ఫర్మేషన్ పేజీ మాత్రమే. ఏ ప్రశ్నకు ఏం జవాబిచ్చారో అందులో ఉండదు. పూర్తి ఫారం ప్రింటు విడిగా తీసుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఆవిడ నెట్ సెంటర్‌కి వెళ్లి అదే అడిగింది. కుర్రాడు విసుక్కుంటూనే తీసిచ్చాడు. ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్నుతో కూర్చుంది. మూడు తప్పులు దొరికాయి.

'గతంలో ఎప్పుడైనా మీకు అమెరికా వీసా నిరాకరించారా?' అన్నచోట 'నో'.

సోషల్ మీడియా దగ్గర 'ఏమీ లేవు'. మనవరాలి ఫొటోలు చూడ్డానికి ఆవిడకి ఫేస్‌బుక్ ఖాతా ఉంది.

'ఈ ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా?' అంటే అక్కడా 'నో'. నింపిందంతా అతనే!

'ఎస్ అంటే లేనిపోని ప్రశ్నలేస్తారని నో పెట్టా మేడమ్. అందరికీ అలాగే పెడతాం' అన్నాడు కుర్రాడు. ఈ 'అందరికీ అలాగే' అనే మాటే కొంప ముంచుతుంది.

ఎందుకంటే 2014లో ఆవిడ వేలిముద్రలు ఇచ్చి వచ్చింది. అప్పట్లో కూతురి పట్టా ప్రదానానికి వెళ్దామని దరఖాస్తు చేస్తే, 214(b) కింద కాదన్నారు. విజిటర్ వీసా కోసం వచ్చేవాళ్లు అక్కడే ఉండిపోతారేమోనని చట్టమే ముందు అనుమానిస్తుంది. తిరిగొస్తారని నమ్మకం కలిగించలేకపోతే ఈ సెక్షన్ కింద వీసా ఇవ్వరు. అది నేరం కాదు, మచ్చా కాదు. పరిస్థితులు మారాయనుకుంటే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ నిరాకరణ కాన్సులేట్ రికార్డులో ఉండనే ఉంది. ఈసారి వేలు పెట్టగానే అధికారి తెర మీదికి వచ్చేస్తుంది. పక్కనే ఫారంలో 'నో' కనిపిస్తే?

అప్పుడు గొడవ వీసా గురించి కాదు, అబద్ధం గురించి. ముఖ్యమైన విషయాన్ని కావాలని తప్పుగా చెప్పారని అధికారి తేలిస్తే, అమెరికా వలస చట్టం ప్రకారం అనర్హత సాధారణంగా జీవితాంతం ఉంటుంది. తాత్కాలిక మినహాయింపు కోరే దారి ఉన్నా అదంత తేలిక కాదు. 214(b) అయితే మళ్లీ ప్రయత్నించొచ్చు. ఇది అలా కాదు.

221(g) కాగితం అందుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. 'ఇంకో పత్రం తెమ్మన్నారు, తెచ్చాను, వీసా ఇచ్చారు. మరి నిరాకరణ ఎక్కడిది?' అనుకుంటారు. లెక్క ప్రకారం అదీ నిరాకరణే. 'ఎస్' పెట్టి, తర్వాత వీసా వచ్చిందని కింద గడిలో ఓ వాక్యం రాస్తే సరిపోతుంది.

'నింపింది నేను కాదుగా' అనడానికీ వీల్లేదు. ఫారం చివర్లో పాస్‌పోర్టు నంబరు, తెర మీద కనిపించే అక్షరాలు కొట్టి, Sign and Submit Application అనే మీట నొక్కాలి. అదే సంతకం. 'జవాబులన్నీ చదివాను, అర్థమయ్యాయి, నాకు తెలిసినంతలో నిజం' అని ప్రమాణం చేసినట్టు. వేరేవాళ్లు టైపు చేసిపెట్టడం తప్పేమీ కాదు. ఆ మీట మాత్రం దరఖాస్తుదారే నొక్కాలి. సాయం చేసినవారి పేరు, చిరునామా ఇవ్వడానికే ఆ 'ఎవరైనా సాయం చేశారా' ప్రశ్న. సోషల్ మీడియా సంగతీ అంతే. 2019 నుంచీ గత ఐదేళ్లలో వాడిన ఖాతాల పేర్లు అడుగుతున్నారు. వాటిని దాస్తే వీసా నిరాకరించవచ్చని భారత్‌లోని అమెరికా ఎంబసీ 2025 జూన్‌లో మరోసారి హెచ్చరించింది.

మరి ఇప్పుడేం చేయాలి? ఇంటర్వ్యూకి ఇంకా తొమ్మిది రోజులుంది. సబ్మిట్ అయిన ఫారాన్ని దరఖాస్తుదారు దిద్దలేరు. కొత్త ఫారం నింపాలి. దానికి రుసుమేమీ లేదు. ceac.state.gov సైట్‌లో Retrieve an Application దగ్గర పాత AA నంబరు, సర్‌నేమ్‌లో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, భద్రతా ప్రశ్నకు జవాబు ఇస్తే పాత వివరాలు కొన్ని కొత్త ఫారంలోకి వచ్చేస్తాయి.

ఇక్కడో తమాషా జరిగింది. ఆవిడ ఫారంలో భద్రతా ప్రశ్న 'మీ అమ్మమ్మ పేరేమిటి?' ఆవిడ తన అమ్మమ్మ పేరు ఎన్నిసార్లు కొట్టినా తలుపు తెరుచుకోలేదు. విషయమేమిటంటే, కుర్రాడు తన అమ్మమ్మ పేరు పెట్టాడు! ఆ సెంటర్‌లో నిండిన ఫారాలన్నింటికీ ఆ ముసలమ్మే కాపలా. పైగా ఈమెయిలు కూడా అతనిదే. కాన్సులేట్ ఏదైనా సమాచారం పంపితే చేరేది అతనికే. దాంతో పాత వివరాలు తెచ్చుకునే ఆలోచన మానేసి, అన్నగారి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, సొంత ఈమెయిలుతో ఆవిడే మొదటి నుంచీ నింపింది.

ఈ ఫారానికి దాదాపు గంటన్నర పడుతుందని అమెరికా విదేశాంగశాఖే చెబుతోంది. అయితే ఇరవై నిమిషాలు ఏమీ కదిలించకుండా వదిలేస్తే సెషన్ మూసుకుపోతుంది. ఆవిడకీ అదే అయింది. ఐదేళ్లలో ఏయే దేశాలు వెళ్లారన్న ప్రశ్న దగ్గర, సింగపూర్ ట్రిప్ ఎప్పుడో చూద్దామని బీరువాలో పాత పాస్‌పోర్టు వెతకడానికి లేచింది. తిరిగొచ్చేసరికి పేజీ లేదు. ఆ పేజీలో కొట్టిందంతా పోయింది. ముందు పేజీలు మాత్రం నిలిచాయి. కారణం, పేజీ కింద ఉండే Save మీటను ఆవిడ మర్చిపోకుండా నొక్కుతూ వచ్చింది.

అలా సేవ్ చేసిన ఫారం సైట్‌లో 30 రోజులు ఉంటుంది. అంతకన్నా ఆలస్యమయ్యేట్టుంటే కంప్యూటర్‌లోకి ఫైలుగా దించుకోవాలి. .dat అనే తోకతో వచ్చే ఆ ఫైలును తర్వాత మళ్లీ ఎక్కించొచ్చు. దాన్ని నేరుగా తెరిచి చదవబోతే అర్థంకాని గీతలే కనిపిస్తాయి. కంగారుపడి చెరిపేయకండి. ఇక AA నంబరు తెర మీద కనిపించగానే రాసుకోవాలి. టీచరమ్మ గ్యాస్ పుస్తకం వెనక రాసింది!

నిరాకరణ ప్రశ్నకు ఈసారి 'ఎస్'. వివరణ గడిలో ఆవిడ రాసింది రెండే వాక్యాలు. '2014లో హైదరాబాద్ కాన్సులేట్‌లో విజిటర్ వీసాకి దరఖాస్తు చేశాను. 214(b) కింద నిరాకరించారు.' ఎందుకు నిరాకరించారో ఊహాగానాలు, అప్పటి అధికారి మీద ఫిర్యాదులు అక్కడ అనవసరం. ఫేస్‌బుక్ ఖాతా పేరు ఇచ్చింది. సాయం చేసింది మేనల్లుడని రాసింది.

సబ్మిట్ కొట్టాక ఇంకో పని మిగిలింది. చాలామంది మర్చిపోయేది ఇదే. కొత్త ఫారానికి కొత్త AA నంబరు వస్తుంది. కానీ అపాయింట్‌మెంట్ పాత నంబరు మీద ఉంది. ఇంటర్వ్యూకి తీసుకెళ్లే కన్ఫర్మేషన్ పేజీ మీది నంబరూ, usvisascheduling.com ఖాతాలో ఉన్న నంబరూ ఒకటే కావాలి. లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి పంపే ప్రమాదముంది. ఖాతాలో మార్చే వీలు కనిపించకపోతే హెల్ప్‌డెస్క్‌కి రాయాలి. వేలిముద్రల అపాయింట్‌మెంట్ ఇంటర్వ్యూ కంటే ముందుంటుంది కాబట్టి, ఈ మార్పు ఆలోపే జరగాలి.

ప్రతి చిన్న తప్పుకీ ఇంత హంగామా అక్కర్లేదు. వీధి పేరులో ఓ అక్షరం పోయిందనుకోండి, కౌంటర్ దగ్గర చెబితే సరిపోతుంది. పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం, నిరాకరణ, అరెస్టుల్లాంటివి తప్పయితే మాత్రం కొత్త ఫారమే.

అయితే పాత ఫారం మాయమైపోదు. రెండూ అధికారికి కనిపిస్తాయి. అందుకే అడగకముందే చెప్పడం ముఖ్యం. తప్పుగా చెప్పినదాన్ని తనంతట తాను, వీలైనంత త్వరగా సరిదిద్దుకుంటే దాన్ని అబద్ధంగా లెక్కించని పద్ధతి కాన్సులర్ నిబంధనల్లోనే ఉంది. అధికారి పట్టుకున్న తర్వాత ఒప్పుకుంటే ఆ వెసులుబాటు దొరకదు.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో కౌంటర్ ముందు నిలబడగానే టీచరమ్మ చెప్పింది. 'మొదటి ఫారం వేరేవాళ్లు నింపారు. అందులో పాత నిరాకరణ రాయలేదు. నేను చూసుకుని కొత్తది పెట్టాను.' అధికారి తెర వైపు చూసి, 2014 తర్వాత ఏం మారిందని అడిగారు. రిటైరయ్యానని, పెన్షన్ వస్తోందని, భర్త తెనాలిలోనే ఉంటారని, మూడు నెలల్లో తిరిగొస్తానని చెప్పింది. పాస్‌పోర్టు ఉంచుకున్నారు. వీసా వచ్చింది. రాకపోయి ఉండొచ్చు కూడా. అప్పుడది మరో 214(b) అయ్యేది, అంతే.

ఇప్పుడు ఆయన ఫారం వంతు. మనవడి బారసాలకైనా వెళ్లాలని ఆయన పట్టు. టీచరమ్మే కీబోర్డు ముందు కూర్చుంది. భద్రతా ప్రశ్న దగ్గర ఆగి, 'ఏమండీ, మీ అమ్మమ్మ పేరేమిటి?' అని అడిగింది.

'అందరూ మామ్మ అనేవాళ్లే. అసలు పేరు ఎవరికి తెలుసు?' అన్నాడాయన.

ఆవిడ ఇంకో ప్రశ్న ఎంచుకుని, జవాబుని స్పెల్లింగుతో సహా గ్యాస్ పుస్తకం వెనక రాసుకుంది.