క్షయ స్లైడులో మూడు అంకెలు, మూడు ప్రశ్నలు

క్షయ గురించి ప్రజారోగ్య శిక్షణకు తయారుచేసిన స్లైడులో మూడు వరుసలు ఉన్నాయనుకోవచ్చు. ప్రివలెన్స్ లక్షకు 312. ఇన్సిడెన్స్ లక్షకు 210. మధుమేహం ఉన్నవారికి రిలేటివ్ రిస్క్ 3.1. మొదటి అంకె 2019-21 మధ్య దేశమంతటా జరిగిన జాతీయ క్షయ సర్వేది. అన్ని వయసులకూ, అన్ని రకాల క్షయకూ కలిపి వేసిన అంచనా అది. రెండోది 2021 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు ఇచ్చిన అంచనా. మూడోది 2008లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష నుంచి తీసుకున్నది. మూడూ సరైన అంకెలే. కానీ ఒకదాని కింద ఒకటి పేర్చగానే అవి ఒకే విషయాన్ని మూడు తీర్ల చెబుతున్నట్టు కనిపిస్తాయి. 'దేశంలో ఏటా లక్షకు 312 మందికి టీబీ వస్తోంది' అనీ, 'షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి టీబీ వస్తుంది' అనీ రాసేస్తారు. ఈ రెండు వాక్యాలూ తప్పే. నిజానికి ఆ మూడు అంకెలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ఒక చిన్న బస్తీ లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

బస్తీలో 10,030 మంది పెద్దవాళ్లు ఉన్నారనుకోవాలి. ఇది లెక్క కోసం కల్పించిన బస్తీ, అంకెలు మాత్రం దేశపు అంచనాలకు దగ్గరగా ఉండేలా ఎంచుకున్నవి. జనవరి 1న ఆరోగ్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి, అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీసి, అనుమానం ఉన్నవారి కళ్లె పరీక్ష చేయించారు. 30 మందికి క్షయ ఉన్నట్టు తేలింది. వారిలో కొందరికి ఆ జబ్బు రెండేళ్లుగా ఉండవచ్చు, కొందరికి పోయిన నెలలోనే మొదలై ఉండవచ్చు. ఎప్పుడు వచ్చిందన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. ఆ రోజున జబ్బుతో ఉన్నవాళ్లు ఎందరన్నదే ప్రశ్న. 30ని 10,030తో భాగిస్తే లక్షకు దాదాపు 300. ఇది ప్రివలెన్స్. ఫోటోలా ఒక రోజు పరిస్థితిని పట్టుకున్న అంకె కనుక దీనిలో 'ఏటా' అనే మాటకు చోటు లేదు.

మిగిలిన 10,000 మందిని డిసెంబరు 31 వరకు గమనిస్తూ వచ్చారు. ఆ ఏడాదిలో వారిలో 20 మందికి కొత్తగా క్షయ వచ్చింది. 20ని 10,000తో భాగిస్తే ఏడాదికి లక్షకు 200. ఇది ఇన్సిడెన్స్. ఇక్కడ రెండు మార్పులు జరిగాయి. మొదటిది, ఇప్పటికే జబ్బుతో ఉన్న 30 మందిని కింది అంకెలోంచి తీసేశారు, ఎందుకంటే జబ్బు ఉన్నవారికి అదే జబ్బు కొత్తగా రాదు. రెండోది, కాలం లెక్కలోకి వచ్చింది. 'లక్షకు 200' అని ఊరుకుంటే ఇన్సిడెన్స్ పూర్తి కాదు, ఎంత కాలంలో అన్నది చెప్పాలి. నిజమైన అధ్యయనాల్లో మధ్యలో ఊరు వదిలి వెళ్లేవారూ, చనిపోయేవారూ ఉంటారు. అందుకే మనుషులను కాకుండా మనుషులు గమనింపులో ఉన్న ఏళ్లను కూడి, వాటితో భాగిస్తారు. ఆరు నెలలకే వలస వెళ్లిన కూలీ అర ఏడాది కింద లెక్కకు వస్తాడు.

ఈ రెండు అంకెలకూ ఉన్న సంబంధం చెరువు నీటి లెక్క లాంటిది. వాగులోంచి ఏడాదికి వచ్చి చేరే నీరు ఇన్సిడెన్స్. ఇవాళ చెరువులో నిలిచి ఉన్న నీరు ప్రివలెన్స్. తూము గుండా బయటికి పోయేవారు రెండు రకాలు: నయమైనవారు, మరణించినవారు. వచ్చేదీ పోయేదీ సమానంగా ఉండి నీటిమట్టం మారకపోతే, నిల్వను ఏటా వచ్చే నీటితో భాగించినప్పుడు ఒక్కో బొట్టు సగటున ఎంతకాలం చెరువులో ఉందో తేలుతుంది. బస్తీలో 30ని 20తో భాగిస్తే ఒకటిన్నర ఏడాది. అంటే క్షయ వచ్చిన మనిషి సగటున 18 నెలలు జబ్బుతో ఉంటున్నాడు. దేశపు అంకెలు తీసుకుని 312ను 210తో భాగించినా దాదాపు అంతే వస్తుంది. ఆ రెండు అంచనాలను వేర్వేరు పద్ధతుల్లో కట్టారు కాబట్టి దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. అయినా ఇది చెప్పే సంగతి చిన్నది కాదు.

మామూలు మందులకు లొంగే క్షయకు చికిత్స ఆరు నెలలు. జబ్బు మొదలైన వెంటనే గుర్తించి మందులు మొదలుపెడితే, ఏటా 20 మందికి జబ్బు వస్తున్నా ఏ రోజు చూసినా బస్తీలో 10 మందికి మించి రోగులు ఉండకూడదు. కానీ 30 మంది ఉన్నారు. పైగా సరైన మందులు పడిన రెండు మూడు నెలల్లోనే చాలామంది కళ్లెలో క్రిములు కనిపించకుండా పోతాయి. కాబట్టి ఆ 18 నెలల్లో ఎక్కువ భాగం చికిత్స నడిచిన కాలం కాదు, చికిత్స మొదలవ్వకముందు గడిచిన కాలం. దగ్గుతూ, పనికి పోతూ, ఇంట్లో వాళ్లకు అంటిస్తూ గడిచిన కాలం. జాతీయ సర్వేలో క్షయ లక్షణాలున్నవారిలో సుమారు 64 శాతం మంది ఏ వైద్యం కోసమూ వెళ్లలేదని తేలడం దీనికి సరిపోతోంది. ప్రివలెన్స్ ఇన్సిడెన్స్‌ను మించి ఉండటం ఎక్కడి లోపాన్ని చూపుతోందో స్లైడు ముందు కూర్చున్న వైద్యాధికారి గమనించవలసింది ఇక్కడే. మందుల దుకాణంలో దగ్గు టానిక్కుతో గడిచిపోయే నెలలు ఆ రెండు అంకెల మధ్య దాగి ఉన్నాయి.

అయితే ప్రివలెన్స్ ఎక్కువగా ఉండటం ప్రతి జబ్బులోనూ చెడ్డ వార్త కాదు. భారత్‌లో 2004 ఏప్రిల్‌లో ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైన తరువాత హెచ్ఐవీతో జీవిస్తున్నవారు ఎక్కువకాలం బతకసాగారు. ఆ జబ్బు నయమై చెరువు నుంచి బయటికి పోయేవారు లేరు, పోయేది మరణం ద్వారానే. మరణాలు తగ్గితే, కొత్త కేసులు తగ్గుతున్నా నిల్వ పెద్దగా తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. ఒక జిల్లాలో హెచ్ఐవీ ప్రివలెన్స్ తగ్గలేదని చెప్పి అక్కడ కొత్తగా సోకడం ఆగలేదని రాయడం పొరపాటు.

ఇక మూడో వరుస. ఇది కొత్త కేసుల రేటును రెండు గుంపుల మధ్య పోల్చే అంకె. బస్తీలో జబ్బు లేని ఆ 10,000 మందిలో 1,000 మందికి మధుమేహం ఉందనుకోవాలి, 9,000 మందికి లేదు. కొత్తగా క్షయ వచ్చిన 20 మందిలో ఐదుగురు మధుమేహం ఉన్నవారు, 15 మంది లేనివారు. మొదటి గుంపులో వెయ్యికి 5 కేసులు. రెండో గుంపులో 9,000కు 15, అంటే వెయ్యికి 1.67. ఐదును 1.67తో భాగిస్తే 3. మధుమేహం లేనివారితో పోలిస్తే ఉన్నవారికి క్షయ ముప్పు మూడు రెట్లు. రిలేటివ్ రిస్క్ అంటే ఇంతే.

'మూడు రెట్లు' అన్న మాట వినగానే భయం కలగడం సహజం. కానీ ఆ మాటలో అసలు ముప్పు ఎంతో లేదు. మధుమేహం ఉన్న 1,000 మందిలో 995 మందికి ఆ ఏడాది క్షయ రాలేదు. రెండు రేట్ల మధ్య తేడా తీసుకుంటే వెయ్యికి 3.3 మంది. ఆసుపత్రిలో షుగర్ రోగికి చెప్పవలసింది ఈ అంకె. 'నీకు మూడు రెట్లు ప్రమాదం' అని ఊరుకోకుండా, 'నీలాంటి వెయ్యి మందిలో ఏటా అయిదుగురికి వస్తుంది, షుగర్ లేకపోతే ఒకరిద్దరికి వచ్చేది, కనుక రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకో' అనడం నిజాయితీ.

జిల్లా కార్యక్రమం నడిపేవారు ఇదే లెక్కను మరో వైపు నుంచి చూడాలి. ఐదుగురిలో దాదాపు 3.3 మంది కేసులు మధుమేహం వల్ల అదనంగా వచ్చినవి. అంటే మొత్తం 20 కేసుల్లో ఆరో వంతు. మధుమేహం ఉన్నవారిని మాత్రమే పరీక్షిస్తే, ముప్పు ఎక్కువున్న గుంపును సరిగ్గానే పట్టుకున్నట్టు, కానీ 20లో 15 కేసులు చేజారిపోతాయి. ఎక్కువ ముప్పున్న చిన్న గుంపులోంచి కంటే తక్కువ ముప్పున్న పెద్ద గుంపులోంచి ఎక్కువమంది రోగులు రావడం ప్రజారోగ్యంలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే విషయం. ఈ దగ్గరే ఇంకో తప్పు కూడా జరుగుతుంది. ఈ బస్తీలో కొత్త క్షయ రోగుల్లో నాలుగో వంతు మందికి మధుమేహం ఉంది. దాన్ని తలకిందులు చేసి 'మధుమేహం ఉన్నవారిలో నాలుగో వంతు మందికి క్షయ' అని రాస్తే అసలు సంఖ్య యాభై రెట్లు పెరిగిపోతుంది.

రిలేటివ్ రిస్క్ చూసినప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. మధుమేహం ఉన్నవారు నెలనెలా ఆసుపత్రికి వస్తారు కాబట్టి వారి దగ్గును వైద్యుడు ముందే పసిగడతాడు. మిగతావారి జబ్బు బయటపడకుండా ఉండిపోవచ్చు. అప్పుడు నిజమైన తేడా కంటే పెద్ద తేడా కనిపిస్తుంది. మరో చిక్కు, క్షయ ముదిరినప్పుడు ఒంట్లో ఒత్తిడి వల్ల రక్తంలో చక్కెర తాత్కాలికంగా పెరుగుతుంది. క్షయ తేలిన తరువాత షుగర్ పరీక్ష చేసి, 'మధుమేహం వల్లే వచ్చింది' అంటే వరుస తలకిందులవుతుంది. మధుమేహాన్ని ముందు నమోదు చేసి, తరువాత కొన్నేళ్లు గమనించిన అధ్యయనాలను ఎక్కువగా నమ్మేది ఇందుకే.

చివరగా, చిన్న సంఖ్యల సంగతి. బస్తీ లెక్కలో మధుమేహం గుంపులో 5 బదులు 3 కేసులు, రెండో గుంపులో 17 వచ్చి ఉంటే రిలేటివ్ రిస్క్ 1.6కు పడిపోయేది. 7, 13 అయితే 4.8 అయ్యేది. ఇద్దరు మనుషులు అటూ ఇటూ అయితే అంకె ఇంత ఊగుతుంది. గణాంక పద్ధతిలో 95 శాతం అవధి కడితే ఈ బస్తీ అంకె 1.1 నుంచి 8.2 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 2008 సమీక్షలో జియాన్, ముర్రే 13 అధ్యయనాలను పరిశీలించారు. వాటిలో 17 లక్షలకు పైగా మనుషులు, 17 వేలకు పైగా క్షయ కేసులు ఉన్నాయి. జనాన్ని ముందు నుంచి గమనించిన అధ్యయనాలను మాత్రమే కలిపితే వచ్చిన రిలేటివ్ రిస్క్ 3.11, అవధి 2.27 నుంచి 4.26. స్లైడు చేసేవారు 3.1 పక్కన ఈ అవధినీ, కింద మధుమేహం లేనివారిలో వెయ్యికి ఎన్ని కేసులన్న అంకెనూ రాయాలి. ఆ రెండూ లేని రిలేటివ్ రిస్క్ వరుసను చూసినప్పుడు వాటిని అడిగి తెలుసుకోవాలి.