బాణలి దగ్గరి మనిషికి ఏ చట్టం?

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పూరీలు వేయించే వంటమాస్టర్‌నూ, అదే ఫ్యాక్టరీ గేటు ఎదుట టిఫిన్ హోటల్లో పూరీలు వేయించే వంటమాస్టర్‌నూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. నూనె ఒకటే, వేడి ఒకటే, గ్యాస్ ఒకటే. కాని మొదటివాడు ఫ్యాక్టరీలకు వర్తించే చట్టం నీడలో ఉన్నాడు. రెండోవాడిని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే పనిగట్టుకుని బయట పెట్టింది. ‘ఫ్యాక్టరీ’ అంటే ఏమిటో చెప్పే 2(ఎం) నిర్వచనం చివర గనులు, రైల్వే షెడ్లతోపాటు హోటల్, రెస్టారెంట్, భోజనశాల ఫ్యాక్టరీలు కావని స్పష్టంగా రాశారు. 2020లో తెచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా ఫ్యాక్టరీ నిర్వచనంలో ఆ మినహాయింపును అలాగే ఉంచింది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనివారున్న సంస్థలన్నిటికీ వర్తించే సాధారణ బాధ్యతలు మాత్రం హోటళ్లకూ వచ్చాయి. ఏడెనిమిది మందితో నడిచే మన టిఫిన్ హోటళ్లు ఆ లెక్కలోకీ రావు.

ఇక మిగిలింది ఆహార భద్రత తనిఖీ. ఆ అధికారి చూసేది తినేవాడి ఆరోగ్యం. వండేవాడి తలకు టోపీ ఉందా అని అడుగుతాడు, ఎందుకంటే వెంట్రుక సాంబారులో పడకూడదు. అదే మనిషి కాళ్లకున్న హవాయి చెప్పులు అరిగిపోయి జారుతున్నాయా అన్నది ఆయన పట్టించుకునే ప్రశ్న కాదు.

హోటల్ వంటగదుల్లో ప్రమాదాన్ని యజమానులు ‘అజాగ్రత్త’ అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. మధ్యరకం హోటల్లో రాత్రి పదకొండు గంటల వేళ ఏం జరుగుతుందో చూస్తే అజాగ్రత్త ఎవరిదో తెలుస్తుంది. సాయంత్రం నుంచి బజ్జీలు, గారెలు వేయించిన బాణలిలో పది లీటర్ల నూనె ఉంది. వేయించేటప్పుడు దాని వేడి 180 డిగ్రీల దాకా ఉంటుంది. పొయ్యి ఆర్పిన అరగంటకూ అందులో చెయ్యి పెట్టలేం. అంత నూనె చల్లారడానికి గంటలు పడుతుంది. కాని ఆ పొయ్యి మీద రేపటి సాంబారు పప్పు ఉడకాలి, బాణలి తోమాలి, తోమే కుర్రాడు చివరి బస్సు అందుకోవాలి. అందుకని ఇద్దరు మసిగుడ్డలతో బాణలిని పట్టుకుని, గది అవతలి మూల ఉన్న డబ్బాలోకి వంపడానికి బయలుదేరతారు. సరిగ్గా అదే సమయంలో ఇంకొకడు సబ్బునీళ్లతో నేల కడుగుతుంటాడు.

నేల సంగతి ఇక్కడే తేలుతుంది. వంటగదికి నున్నటి టైల్స్ వేయించారు, తుడవడం తేలికని. పగలంతా దానిమీద పల్చటి జిడ్డు పొర పేరుకుంది. సబ్బునీళ్లు పోసి చీపురుతో లాగితే జిడ్డు పోదు, నేలంతా సమంగా పరుచుకుంటుంది. కింద నూనె, పైన నీళ్లు, వాటి మీద అరిగిన చెప్పు. కాలు జారితే బాణలి వదిలిపెట్టడం తప్ప మనిషికి మరో దారి ఉండదు. 60 డిగ్రీల నీళ్లే కొన్ని సెకన్లలో చర్మాన్ని లోతుగా కాలుస్తాయి. నూనె దానికి మూడింతల వేడి. పైగా నీళ్లలా జారిపోకుండా చర్మానికి అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. అప్పుడు పక్కవాళ్లు టూత్‌పేస్టు, పసుపు పూస్తారు. చేయాల్సిందల్లా కుళాయి కింద మామూలు చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, ఉంగరాలు, కడియాలు తీసేసి, ఆసుపత్రికి తీసుకుపోవడం.

దీనికి నివారణ ఏమంత ఖరీదైనది కాదు. నూనెను పొయ్యి మీదే మూతపెట్టి వదిలేయాలి, తెల్లవారి వంపాలి. పప్పుకు వేరే పొయ్యి కావాలంటే కొనాలి. నూనె వంపడం అయ్యేంతవరకు నేల తడపకూడదు. టైల్స్ మార్చలేకపోతే బాణలి ముందైనా గరుకు పలకలు పరచాలి. వీటిలో ఏదీ పనివాడి చేతుల్లో లేదు, అన్నీ యజమాని నిర్ణయాలే.

నూనెకు మరో గుణం ఉంది. వాడినకొద్దీ అది త్వరగా పొగలు కక్కుతుంది, నురగ కట్టి పొంగుతుంది. ఆహార భద్రత సంస్థ 2018 జులై నుంచి వాడిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం మించకూడదని నిబంధన పెట్టింది. అది తినేవారి కోసం పెట్టిన హద్దే. కాని పొంగిన నురగ బాణలి దాటి మంట మీద పడితే కాలేది వంటవాడు. బాణలి నుంచి సన్నటి పొగ లేస్తే అదే హెచ్చరిక. అప్పుడు గ్యాస్ ఆపేసి మూత వేస్తే సరిపోతుంది. మంట లేచాక భయపడి చెంబెడు నీళ్లు పోస్తే, నూనెకంటే బరువైన ఆ నీళ్లు అడుగుకు పోయి, 1,700 రెట్ల ఆవిరిగా ఉబ్బి, మండే నూనెను సీలింగు దాకా ఎగజిమ్ముతాయి.

హోటల్ గోడకు వేలాడే ఎర్ర సిలిండరు సాధారణంగా పొడి మందుది. అది మంటను అణుస్తుంది కాని నూనెను చల్లార్చదు, కాసేపటికి నూనె మళ్లీ అంటుకుంటుంది. వంటనూనెకు పనికొచ్చేది తడి రసాయనంది. అది నూనెతో కలిసి సబ్బులాంటి పొరగా మారి, గాలి తగలకుండా కప్పి, చల్లారుస్తుంది. అయినా చాలాచోట్ల ఉన్న ఆ ఒక్క పొడి మందు సిలిండరూ క్యాష్ కౌంటరు వెనకే కనబడుతుంది. లైసెన్సు కోసం కొన్నది కదా!

గ్యాస్ విషయంలో నిబంధనకూ వాడకానికీ మధ్య దూరం ఇంకా ఎక్కువ. లైసెన్సు లేకుండా ఒకచోట నిల్వ ఉంచుకోగలిగింది 100 కిలోలే. 19 కిలోల వాణిజ్య సిలిండర్లు ఐదు పెడితే 95. ఆరోది లోపలికి వస్తే లెక్క దాటినట్టే. పెళ్లిళ్ల సీజన్‌లో మెట్ల కింద ఎన్ని ఉంటాయో వెళ్లి లెక్కపెట్టండి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, కిందికి దిగి నేలబారున పాకుతుంది. పైన తిరిగే ఎగ్జాస్టు ఫ్యాను దాన్ని లాగలేదు, పైగా వాసన వచ్చినప్పుడు ఫ్యాను స్విచ్ వేస్తే ఆ నిప్పురవ్వే చాలు. గాలి పోయే సందు, లీకు పసిగట్టే యంత్రం రెండూ నేలకు దగ్గరగా ఉండాలి. గ్యాస్ తగ్గిందని సిలిండరును పడుకోబెట్టడం మన వంటగదుల్లో చూస్తూనే ఉంటాం. అప్పుడు ఆవిరికి బదులు ద్రవమే పైపులోకి దిగి మంట ఒక్కసారి ఎగుస్తుంది. 2015 అక్టోబరులో ముంబయి కుర్లాలోని ఒక రెస్టారెంట్లో గ్యాస్ మంటలకు 8 మంది చనిపోయారు. వాళ్లు వంటవాళ్లు కారు, భోజనానికి వచ్చినవాళ్లు.

కత్తి గాయాలు రోజూ జరిగేవే కనుక ఎవరూ వాటిని ప్రమాదమనుకోరు. ఒక్క మాట చాలు: మొద్దుబారిన కత్తే ఎక్కువగా చేతిని కోస్తుంది, ఎందుకంటే బలం పెట్టి నొక్కితే జారుతుంది. సానపట్టించడం కూడా యజమాని ఖర్చే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పురపాలక సంఘాలు ట్రేడ్ లైసెన్సులు ఇస్తున్నాయి. కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఆ దరఖాస్తులోనే బాణలి దగ్గర ఏ రకం ఆర్పే సాధనం ఉంది, సిలిండర్లు ఎన్ని, రాత్రి నూనె ఎప్పుడు వంపుతారు అని అడిగితే చాలు. పదిమందికి తక్కువ పనివారున్న హోటళ్లకూ ఈ ప్రశ్నలు తప్పనిసరి చేయాలి. తనిఖీకి వచ్చే అధికారి మధ్యాహ్నం పన్నెండుకు కాదు, రాత్రి పదకొండుకు రావాలి.