గురక గాఢనిద్ర కాదు

"హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అని మురిసిపోతాం. ఆ మురిపెమే ప్రమాదం.

విశాఖ ఓడరేవులో క్రేన్ నడిపే ఒక మధుమేహ రోగికి పరగడుపు చక్కెర 180 దిగేది కాదు. నేను మూడుసార్లు మాత్రలు పెంచాను. అన్నం తగ్గించలేదని నిందించాను కూడా. ఒకనాడు ఆయన నా ఎదుటే కునికిపాట్లు పడుతుంటే భార్య అన్నది: "గురక ఉన్నట్టుండి ఆగిపోతుందండీ. భయమేసి తట్టి లేపుతానండీ." నిద్ర పరీక్షలో శ్వాసకు గంటకు 34 సార్లు ఆటంకం కలుగుతున్నట్లు తేలింది. 30 దాటితే వ్యాధి తీవ్రమైనట్లే.

గొంతు మూసుకుపోయిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. శరీరం ఉలిక్కిపడి అడ్రినలిన్, కార్టిసాల్ విడుదల చేస్తుంది. వాటి ప్రేరణతో కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ ప్రభావం తగ్గుతుంది. ఇక అన్నాన్ని నిందించి ఏం లాభం?

పగటి మత్తును నైట్ డ్యూటీ ఖాతాలో వేయడం ఈ ఉక్కు నగరపు అలవాటు. సెలవుల్లోనూ మత్తు వీడకపోతే తప్పు షిఫ్టుది కాదు.

సీప్యాప్ యంత్రంతో చక్కెర అందరికీ తగ్గదు. రాత్రంతా ధరిస్తేనే ఫలితానికి అవకాశం. కానీ మధుమేహులను గురక గురించి అడగాలని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2008లోనే చెప్పింది. మాత్ర పెంచే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగని వైద్యుడు, ఒకప్పటి నాలాగే, సగం వైద్యమే చేస్తున్నాడు.