నలభై దాటితేనే దాహమా?

పొద్దున్న ఆరింటికి “ఈరోజు గొడుగు అక్కర్లేదు” అని చెప్పే రిమైండరు రాయడం మన సాఫ్టువేరు జనాలకి గంట పని. అందుకే అవన్నీ అంత అధ్వాన్నంగా ఉంటాయి. చాలావాటి లోపలి సరుకు ఇంతే:

```
if (tmax > 40) water = true;
if (pop > 50) umbrella = true;
```

ఈ రెండు లైన్లూ ఢిల్లీ వాడికి సరిపోతాయేమో గానీ సింహాచలం వాడికి పనికిరావు.

ముందు నీళ్ళ సంగతి. విశాఖలో నలభై దాటే రోజులు అరుదు. మన వాతావరణ శాఖ వాళ్ళే వడగాలి లెక్కకి మైదానాల్లో 40 డిగ్రీలు చూస్తే, తీరంలో 37 చాలంటారు. 34 డిగ్రీల ఎండకి 70 శాతం తేమ తోడైతే ఒంటికి తెలిసే వేడి 45 దాటుతుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసేవాళ్ళకి పై కోడు “నీళ్ళు అక్కర్లేదు” అంటుంది. చూడాల్సింది గరిష్ఠ ఉష్ణోగ్రత కాదు, తేమ కలిపిన వేడి, అందులో ఎన్ని గంటలు నడుస్తారన్నదీ.

ఇక గొడుగు. ఆ 50 ఎక్కణ్ణుంచి ఊడిపడింది? గొడుగు మొయ్యడం ఒక వంతు కష్టం, తడవడం ఐదు వంతుల నష్టం అనుకుందాం. అప్పుడు వాన అవకాశం ఐదింట ఒక వంతు, అంటే 20 శాతం దాటగానే గొడుగు పట్టుకోవాలి. చేతిలో సర్టిఫికెట్లుంటే నష్టం ఇంకా పెద్దది, 5 శాతానికే పట్టుకోవాలి. బండి మీద వెళ్ళేవాడికి గొడుగే దండగ, “అరగంట ముందు బయల్దేరు” అని చెప్పాలి. ఒకే అంకె అందరికీ ఎలా నప్పుతుందండీ?

అన్నిటికన్నా పెద్ద తప్పు వేళ. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం. తెల్లవారకముందే గాలివాన వచ్చింది. 300 రూపాయల టిక్కెట్టు క్యూ పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు పోయారు. ఆ గోడకి జవాబు చెప్పాల్సింది కట్టినవాళ్ళు, ఏ రిమైండరూ దాన్ని ఆపలేదు. కానీ ఆ రాత్రి క్యూలో నిలబడ్డవాళ్ళకి ఆరింటి సందేశం ఎందుకు? వేసవి గాలివాన కొద్ది గంటల్లో పుట్టి మీద పడుతుంది. ముందురోజు సూచన “పడొచ్చు” అనగలదు, ఏ గంటకో చెప్పలేదు. అందుకే రాడార్ చూసి మూడేసి గంటలకి ఇచ్చే తక్షణ సూచన ఒకటుంది. దాన్ని వాడుకునేవాళ్ళేరీ?

రిమైండరుని సూర్యోదయానికి కాదు, మనిషి గడప దాటే వేళకి కట్టండి. గంట ముందు ఓసారి చూడండి, మాట మారితే మళ్ళీ చెప్పండి. అంత ఓపిక లేకపోతే మానెయ్యండి. కిటికీ తెరిచి కొండ మీద మబ్బు చూసుకోవడం మాకు ఎప్పట్నుంచో వచ్చు.