పది శాతం దేనిలో?

మొన్న మా మేనకోడలు ఒక చిన్న గాజు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. డ్రాపర్ మూత, 30 మిల్లీలీటర్ల సీరం, ముందువైపు పెద్ద అక్షరాల్లో '10% పెప్టైడ్ కాంప్లెక్స్'. ఖరీదు రెండు వేలకు పది రూపాయలు తక్కువ. "మావయ్యా, కళ్ల పక్కన గీతలు పోతాయట, చర్మం బిగుస్తుందట. నిజమేనా?" అంది. మందుల ఫార్ములేషన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి సీసా ముందువైపు చూసే అలవాటు నాకు లేదు. వెనక్కి తిప్పి భూతద్దం పెట్టాను. నీళ్లు, గ్లిజరిన్, బ్యుటిలీన్ గ్లైకాల్, ఇంకో ఏడెనిమిది పేర్లు. పాడవకుండా కలిపే ఫినాక్సీ ఇథనాల్ కూడా అయిపోయాక, ఆ కింద ఎక్కడో 'పాల్మిటాయిల్ పెంటాపెప్టైడ్-4'.

మరి ఆ పది శాతం ఏమైంది? అబద్ధమేమీ కాదు. ఈ పెప్టైడ్‌ను కంపెనీలు పొడిగా తెచ్చి కలపవు. ముడిసరుకు అమ్మేవాళ్లు దాన్ని ముందే గ్లిజరిన్, నీళ్లలో పలచగా కరిగించి ద్రావణంగా ఇస్తారు. మ్యాట్రిక్సిల్ పేరుతో తొలుత వచ్చిన ద్రావణంలో పెప్టైడ్ ఉండేది పది లక్షల భాగాల్లో వంద భాగాలు. ఆ ద్రావణాన్ని సీరంలో పది శాతం కలిపితే, అసలు పెప్టైడ్ పది లక్షల్లో పది భాగాలు. మొత్తం సీసాకు లెక్కేస్తే మిల్లీగ్రాములో మూడో వంతు కూడా ఉండదు. చారులో పది శాతం ఇంగువ నీళ్లు పోసి, చారులో పది శాతం ఇంగువ ఉందన్నట్టే ఇది. మన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. కానీ ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరసలోనైనా రాసుకోవచ్చు, ఎంత ఉందో చెప్పక్కర్లేదు. కొనేవాళ్లకు లెక్క దొరకని చోటు సరిగ్గా అదే.

ఇంగువ కొంచెమే ఉన్నా వాసన తెలుస్తుందిగా అంటారా? ఆ మాట కొట్టిపారేయలేం. ఈ పెప్టైడ్ వెనుక ఉన్న ఊహ చక్కనిది. కొలాజెన్ తయారయ్యేటప్పుడు దాని ముందు రూపం నుంచి కొన్ని ముక్కలు తెగి పడతాయి. అందులో అయిదు అమైనో ఆమ్లాల చిన్న ముక్క ఒకటి ఫైబ్రోబ్లాస్ట్ కణాలను 'ఇంకా తయారుచెయ్' అని పురమాయిస్తుందని 1993లో పరిశోధకులు గమనించారు. అయితే ఆ పని జరిగింది గాజుపాత్రలో పెంచిన కణాల మీద. ముఖం మీద ఆ కణాలు ఉండేది పైపొర కింద, డెర్మిస్‌లో. దారికి అడ్డంగా మృతకణాలు, కొవ్వు కలిసి కట్టిన గోడ ఉంటుంది. 500 డాల్టన్ల కన్నా బరువైన అణువులు ఆ గోడను దాటడం కష్టమని చర్మవైద్యంలో ఒక మోటు లెక్క ఉంది. ఆ అయిదు అమైనో ఆమ్లాల ముక్క బరువు 560 పైచిలుకు. కొవ్వు గోడలోకి దూరేందుకు వీలుగా దానికి పాల్మిటిక్ ఆమ్లం తోక తగిలిస్తే బరువు 800 దాటుతుంది. తోక వల్ల కొంత లోపలికి పోతుంది, బరువు వల్ల కొంత ఆగిపోతుంది.

అందుకే ముఖం మీద చేసిన పరీక్షే గీటురాయి. 2005లో అచ్చయిన ఒక పరీక్షలో 35 నుంచి 55 ఏళ్ల మధ్య వయసున్న 93 మంది తెల్లజాతి మహిళలు ముఖానికి ఒకవైపు మామూలు మాయిశ్చరైజర్, రెండోవైపు అదే మాయిశ్చరైజర్‌లో పది లక్షలకు మూడు భాగాల పెప్టైడ్ కలిపింది 12 వారాలు రాశారు. ఎటు ఏది ఉందో రాసుకునేవాళ్లకూ తెలియదు, కొలిచేవాళ్లకూ తెలియదు. పెప్టైడ్ రాసినవైపు గీతలు కొంచెం ఎక్కువ తగ్గాయి. తేడా నిజమైనదే, కానీ చిన్నది. పరీక్ష చేసింది సౌందర్య సాధనాలు అమ్మే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్. నాకు ముఖ్యంగా తోచింది వేరే సంగతి. రాసుకున్నవాళ్లను అడిగితే తేడా నిలిచింది గీతల దగ్గరే. మిగతా లక్షణాల్లో మొగ్గు మాత్రమే కనిపించింది. చర్మం బిగువు సడలడంలో కింద ఉండే కొవ్వు, ఎముక, వాటిని పట్టి ఉంచే బంధనాలు అన్నిటికీ పాత్ర ఉంటుంది. డెర్మిస్ దాకానే సరిగా చేరని చుక్క అక్కడికి చేరుతుందనుకోవడం అత్యాశ.

బొటాక్స్‌కు బదులు అంటూ అమ్మే ఆర్జిరెలిన్ పరిస్థితి ఇంకా పలచన. అది పనిచేయాల్సింది నరం కండరాన్ని కలిసే చోట. అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు మానవ చర్మపు ముక్కల మీద దాన్ని రాసి చూస్తే, దాదాపు అంతా పైనే ఉండి కడిగితే పోయింది. పైపొరలో ఓ రవ్వ చిక్కింది గానీ డెర్మిస్‌లో జాడే దొరకలేదు.

సీరంలలో కలిపే గ్రోత్ ఫ్యాక్టర్ల విషయంలో మన హైదరాబాద్‌కు సంబంధం ఉంది. షుగర్ రోగుల కాలి పుండ్లకు వాడే ఈజీఎఫ్ జెల్ 'రీజెన్-డి'ని తయారుచేసింది భారత్ బయోటెక్. ఈజీఎఫ్‌కు వెనక నోబెల్ కూడా ఉంది, 1986లో. సీరం అమ్మేవాళ్లు ఈ గౌరవాన్నంతా తెచ్చి తమ సీసాకు చుట్టేస్తారు. పుండు దగ్గర గోడ కూలిపోయి ఉంటుంది, మందు నేరుగా కణాల మీద పడుతుంది. ముఖం మీద గోడ చెక్కుచెదరకుండా ఉంటుంది, ఈజీఎఫ్ బరువేమో ఆరు వేల డాల్టన్లు. పైగా పుండుకు రాసేది డాక్టరు చూసి ఇచ్చే మందు, సీరం కేవలం కాస్మెటిక్. శరీర నిర్మాణాన్నో పనితీరునో మారుస్తుందని గట్టిగా చెప్పుకుంటే అది చట్టం దృష్టిలో మందు అయి కూర్చుంటుంది. ప్రకటనల్లో గీతలు 'తగ్గినట్టు కనిపిస్తాయి' అన్న మాట ఎందుకు అంత జాగ్రత్తగా ఉంటుందో ఇప్పుడు చూడండి. నిజంగా పనిచేస్తే మందుగా లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ పూచీ లేకుండానే ఆ మాటకు వచ్చే గిరాకీ కావాలి.

పోలికకు ట్రెటినాయిన్ చూడండి. 1993లో ఎండకు దెబ్బతిన్న ముంజేతి చర్మం మీద దాన్ని పది పన్నెండు నెలలు రాశాక ముక్క కోసి చూస్తే కొలాజెన్ తయారీ 80 శాతం పెరిగింది. మందు లేని క్రీమ్ రాసినచోట 14 శాతం తగ్గింది. చర్మం మంట పుడుతుంది, పొట్టు లేస్తుంది, గర్భిణులు వాడకూడదు. అందుకే డాక్టరు చీటీ కావాలి.

మేనకోడలికి చెప్పిందల్లా ఒక్కటే. సీసా ఎలాగూ కొన్నావు, ఒక చెంపకే రాయి, రెండో చెంపకు మామూలు మాయిశ్చరైజర్ రాయి, 12 వారాలు. గ్లిజరిన్ పీల్చుకున్న చర్మం గంటలో ఉబ్బి సన్నగీతల్ని దాచేస్తుంది కనుక, ముఖం కడిగి ఏమీ రాయకముందే, ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు ఫొటోలు తియ్యి. "ఏ చెంపకు రాయను?" అంది. రోజూ గచ్చిబౌలికి కారు నడుపుకుంటూ వెళ్తుంది. మన కార్లలో డ్రైవరు కిటికీ కుడివైపు, ముడతలు తెచ్చే అతినీలలోహిత ఏ కిరణాలను ఆ పక్క అద్దం పూర్తిగా ఆపదు. అమెరికాలో 28 ఏళ్లు లారీ నడిపిన ఓ 69 ఏళ్ల మనిషి ఫొటో 2012లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఆయన ఎడమ చెంప కుడిదాని కన్నా ఎంతో ముసలిది, వాళ్ల కిటికీ ఎడమవైపు. అందుకే సీరం కుడి చెంపకే రాయమన్నాను. సన్‌స్క్రీన్ మాత్రం రెండింటికీ.